గివ్‌అవే షార్ట్‌కి స్క్రిప్ట్ రాశాను, ఒకసారి చూసి చెప్పండి (జంపఖానాలు, హన్మకొండ)

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 6, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా అత్తగారిది వరంగల్ కొత్తవాడ, ఇంట్లో జంపఖానాల మగ్గం ఉంది. ఏడాదిగా చిన్న యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాను, దాని ద్వారానే నెలకు పది పన్నెండు అమ్ముడుపోతాయి. బతుకమ్మకు మూడు జంపఖానాలు ఉచితంగా ఇద్దామనుకుంటున్నాం. నాలుగడుగులు ఇంటూ ఆరడుగులవి, మేం ఒక్కోటి 1,400కి అమ్ముతాం. పోస్టు ఖర్చు కూడా మాదే. ఇంతకు ముందు ఎప్పుడూ ఇలాంటిది పెట్టలేదు, కాస్త టెన్షన్‌గా ఉంది. రాసుకున్నది ఇది:

"హాయ్ ఫ్రెండ్స్! బతుకమ్మ బంపర్ గివ్‌అవే! వరంగల్ ఒరిజినల్ జంపఖానా మీ ఇంటికి ఫ్రీ ఫ్రీ ఫ్రీ! మీరు చేయాల్సిందల్లా వీడియోకి లైక్ కొట్టి, ఛానెల్ సబ్‌స్క్రైబ్ చేసి, ముగ్గురు ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేసి, పది మందికి షేర్ చేసి, ఆ స్క్రీన్‌షాట్‌తో పాటు మీ ఫోన్ నంబర్ కామెంట్లో పెట్టండి. లక్కీ విన్నర్లకు అదిరిపోయే గిఫ్ట్! బతుకమ్మ పండుగ వరకే, త్వరపడండి!"

ఎలా ఉంది?

---

రీల్ రాజన్న | సెప్టెంబరు 6, రాత్రి 10:05

సూపర్ ఉంది అక్కా. నాది కరీంనగర్‌లో మొబైల్ షాపు, రెండు గివ్‌అవేలు చేసిన అనుభవం ఉంది. ఒక్కటే మార్పు: సబ్‌స్క్రైబ్ కంపల్సరీ అని గట్టిగా చెప్పు, లేకపోతే ఎవరూ చేయరు. ఇంకోటి, 60 సెకన్లు దాటితే అది షార్ట్ కాదు, మామూలు వీడియో అయిపోతుంది. చివరి తేదీ మరీ గట్టిగా చెప్పకు. నేను కొద్ది రోజులే అంటాను. ఎంట్రీలు తక్కువ వస్తే ఇంకో వారం సాగదీసుకోవచ్చు కదా.

---

గెలిచినా రాలే | సెప్టెంబరు 6, రాత్రి 10:31

ఆ "సాగదీసుకోవడం" బాధితుణ్ణి నేను. పోయినేడు ఒక షాపు వాళ్ల వీడియోలో మిక్సీ ఇస్తామన్నారు. పంద్రాగస్టుకు డ్రా అన్నారు, తర్వాత వినాయక చవితి అన్నారు, తర్వాత దసరా. దసరా తర్వాత ఒక కామెంట్‌కి "కంగ్రాట్స్ బ్రో, మీరే విన్నర్" అని రిప్లై వచ్చింది, అది నాదే. షాపుకు పోతే "ఆ ఆఫర్ అయిపోయింది, మీకు ఎవరు చెప్పారు" అన్నారు. ఫోన్‌లో రిప్లై చూపిస్తే అది వాళ్ల ఛానెల్ కాదట, అదే బొమ్మ, అదే పేరు పెట్టుకున్న వేరేవాడట. నిజంగా వేరేవాడో, వీళ్లే అలా అన్నారో నాకిప్పటికీ తెలియదు. అసలు విన్నర్ ఎవరో మాత్రం ఈరోజు వరకు ఎక్కడా చెప్పలేదు.

---

జనగామ పోరడు | సెప్టెంబరు 6, రాత్రి 10:44

నేను ఇంట్రెస్టెడ్ అక్కా. ఎరుపు, నలుపు ఉన్నది పంపండి. అడ్రస్ ఇక్కడే పెట్టాలా?

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 6, రాత్రి 10:50

తమ్ముడూ, ఇంకా మొదలుపెట్టలేదు. స్క్రిప్ట్ గురించే అడుగుతున్నాను. అడ్రస్ ఇక్కడ పెట్టకు.

---

ఎడిటింగ్ టేబుల్ | సెప్టెంబరు 7, ఉదయం 7:15

నయీంనగర్‌లో ఎడిటింగ్ చేస్తాను, షాపులకు ఇలాంటివి చాలానే రాసిచ్చాను. అక్కా, మీ స్క్రిప్ట్‌లో ఊపు ఉంది, సమాచారం లేదు. చూసినవాడికి మూడు విషయాలు తెలియాలి: ఏమిస్తారు, తను ఏం చేయాలి, ఎప్పటిలోగా. మొదటిది సగం ఉంది, ఎన్ని ఇస్తారో చెప్పలేదు. రెండోది ఐదు పనులైంది. మూడోది లేనే లేదు.

ఐదు పనుల సంగతి చూద్దాం. రూలు పెట్టినప్పుడు అది పాటించారో లేదో మీరు చూడగలగాలి. సబ్‌స్క్రిప్షన్లను చాలామంది ప్రైవేటుగానే ఉంచుకుంటారు కాబట్టి ఎవరు చేశారో మీకు పూర్తిగా కనపడదు. లైక్ ఎవరు కొట్టారో అసలే తెలియదు. పది మందికి షేర్ చేశాడా అన్నది దేవుడికే తెలియాలి. కామెంట్లో స్క్రీన్‌షాట్ పెట్టే వీలే లేదు. ఇంక ఆ రూల్ ఎవరి కోసం? చూడలేని రూలుతో నిజాయితీగా చేసినవాడే నష్టపోతాడు.

పైగా పోటీని అడ్డం పెట్టుకుని లైకులు, సబ్‌స్క్రైబర్ల లెక్క పెంచుకోకూడదని యూట్యూబ్ పోటీల నియమాల్లోనే ఉంది. "నచ్చితే సబ్‌స్క్రైబ్ చేయండి" అని అడగొచ్చు, దాన్ని బహుమతికి షరతుగా కట్టడమే తప్పు. ఇదే వీడియోను ఫేస్‌బుక్‌లో కూడా వేస్తారనుకుంటే, అక్కడ ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయడం, తమ టైమ్‌లైన్‌లో షేర్ చేయడం ఎంట్రీగా పెట్టకూడదు.

ఒక్క పని చాలు. ఈ షార్ట్ కింద ఒక కామెంట్. అది మీకూ కనపడుతుంది, నలుగురికీ కనపడుతుంది.

ఫోన్ నంబర్ మాత్రం పొరపాటున కూడా అడగొద్దు. పైన అన్న చెప్పిన నకిలీ ఛానెల్ వాళ్లు ఆ నంబర్ల కోసమే కాచుకుని ఉంటారు. "మీరు గెలిచారు, కొరియర్ ఛార్జీ 299 కొట్టండి" అని మీ పేరు మీద ఫోన్లు పోతాయి.

రాజన్నా, 60 సెకన్ల మాట పాతది. 2024 అక్టోబరు 15 నుంచి మూడు నిమిషాల దాకా ఉన్న నిలువు వీడియోలు కూడా షార్ట్స్‌లోకే వెళ్తున్నాయి. అయినా ఈ పనికి 40 సెకన్లు దాటనవసరం లేదు.

---

పాత మాస్టారు | సెప్టెంబరు 7, ఉదయం 8:02

అమ్మా, "బతుకమ్మ పండుగ వరకే" అన్నారు. ఏ బతుకమ్మ? ఈసారి ఎంగిలి పూల బతుకమ్మ 21న, సద్దుల బతుకమ్మ 30న. మధ్యలో తొమ్మిది రోజులున్నాయి. మీ మనసులో ఏది ఉందో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

సరే, తేదీ వేస్తారనుకుందాం. "21 లోపు" అంటే 21 కలిసినట్టా కాదా? నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. ఫీజు "పదో తేదీలోపు" కట్టాలి అంటే సగం మంది తొమ్మిదికే కట్టేవారు, సగం మంది పదో తేదీ సాయంత్రం పరుగెత్తుకొచ్చేవారు. ఎవరినీ తప్పుపట్టలేకపోయేవాణ్ణి. "21 వరకు" అన్నా అదే గొడవ, 21 పగలంతా ఉందా, 20 అర్ధరాత్రికే అయిపోయిందా అని. "రాత్రి 12 గంటలకు" అంటే ఇంకా చిక్కు, అది ఏ తేదీ రాత్రో ఇద్దరికి రెండు రకాలుగా తోస్తుంది.

తేదీ, వారం, గంట చెప్పి, "కి ముగుస్తుంది" అని క్రియ పెట్టండి. "సెప్టెంబరు 21, ఆదివారం, రాత్రి 9 గంటలకు ముగుస్తుంది." దీనికి రెండో అర్థం తీయడం కష్టం.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 7, ఉదయం 8:30

మాస్టారూ, నిజంగా నా మనసులో సద్దుల రోజే ఉంది. కానీ గెలిచినవాళ్లకు దసరాకు చేరాలంటే అప్పుడు ముగిస్తే కుదరదు, అక్టోబరు 2నే దసరా. కాబట్టి 21కే పెట్టేస్తాను.

---

రీల్ రాజన్న | సెప్టెంబరు 7, ఉదయం 9:10

21 రాత్రి 9 అంటే ఆడవాళ్లంతా బతుకమ్మ ఆటలో ఉంటారు అక్కా! నువ్వు కూడా. ముగించేది ఎవరు, మీ అత్తనా?

---

ఎడిటింగ్ టేబుల్ | సెప్టెంబరు 7, ఉదయం 9:25

రాజన్న ఈసారి మంచి పాయింట్ పట్టాడు. ముగిసే గంటకు మీరు ఫోన్ పట్టుకుని ఖాళీగా కూర్చోవాలి, ఎందుకో చెప్తాను. యూట్యూబ్‌లో కామెంట్ పక్కన అసలు తేదీ, గంట రాదు. "3 రోజుల క్రితం" అనే వస్తుంది. మర్నాడు లిస్టు తీద్దామని కూర్చుంటే రాత్రి 8:55కి వచ్చింది ఏదో, 9:20కి వచ్చింది ఏదో చూపుతో తేల్చలేరు. అప్పుడు మీరు ఎంత నిజాయితీగా చేసినా "మా వాళ్లను తర్వాత కలిపారు" అంటే జవాబుండదు.

దీనికి మందు ఉంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో సెట్టింగ్స్‌కి పోతే కామెంట్ల దగ్గర `Pause` అని ఉంటుంది. అది పెడితే ఉన్న కామెంట్లు అలాగే కనపడతాయి, కొత్తవి రావు. కామెంట్లను పూర్తిగా ఆపేసే ఆప్షన్ జోలికి పోవద్దు, అది పెడితే పాతవి కూడా ఎవరికీ కనపడవు. ముందుగా టైమ్ సెట్ చేసి వదిలేద్దామంటే కుదరదు, మీరే చేతితో నొక్కాలి. కాబట్టి 20, శనివారం రాత్రి 9 గంటలు పెట్టండి.

వీడియో ఇంకా వేయలేదు కాబట్టి తేదీ ఎన్నిసార్లైనా మార్చుకోండి. వేశాక మాత్రం ఒక్క గంట కూడా మార్చొద్దు. మూడే ఎంట్రీలు వచ్చినా ఆ ముగ్గురికే ఇచ్చేయండి.

---

రీల్ రాజన్న | సెప్టెంబరు 7, ఉదయం 9:40

మూడు ఎంట్రీలకు 4,200 సరుకు ఇస్తారా? వ్యాపారం అట్ల నడవదు అన్నా.

---

ఎడిటింగ్ టేబుల్ | సెప్టెంబరు 7, ఉదయం 9:52

ఆ భయం ఉంటే మూడు బదులు ఒకటే ఇవ్వమను. పది రోజుల్లో చూసి, కామెంట్ పెట్టి, ఎదురుచూస్తున్నవాడి అవకాశాన్ని గడువు పెంచి తగ్గించడం సరికాదు. 40 మందిలో ఒకడిగా ఉన్నవాణ్ణి చెప్పకుండా 400 మందిలో కలిపేస్తున్నావు.

---

నర్సంపేట వకీలు | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 1:20

కోర్టుకు సెలవు కాబట్టి రాస్తున్నా. "కొంటేనే ఛాన్స్" అని ఎక్కడా రానివ్వకండి. డబ్బు తీసుకుని, చీటీ తీసి, బహుమతి ఇస్తే అది లాటరీ, అనుమతి లేకుండా నడపడం నేరం. ఇందులో పాల్గొనడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు ఉండకూడదు. పోస్టు ఛార్జీ పేరుతో వసూలు చేసినా తేడా వస్తుంది. ఆ ఖర్చు మీరే పెట్టుకుంటున్నారు, మంచిది.

మిక్సీ రాని మిత్రుడికి: ఉచిత బహుమతుల పథకం పెట్టి, ముగిశాక ఫలితం పాల్గొన్నవాళ్లకు తెలియకుండా దాచడం వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పథకాన్ని ఎక్కడ ప్రకటించారో ఫలితమూ అక్కడే, బాగా కనపడేటట్టు ప్రకటించాలన్నది దాని ఉద్దేశం. చట్టం పత్రికల ఊసు ఎత్తింది గానీ, షార్ట్‌లో ప్రకటించినవాళ్లు అదే ఛానెల్‌లో ఫలితం చెప్పడం సబబు.

పన్ను సంగతి మీకు రాదు. గెలుపు విలువ 10,000 దాటితేనే ఇచ్చేవాళ్లు 30 శాతం పన్ను ముందే పట్టి కట్టాల్సిన గొడవ. బైకులు, ఐఫోన్లు ఇచ్చేవాళ్లు చూసుకోవాలి.

---

రీల్ రాజన్న | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 1:45

సార్, లక్కీ డ్రా బదులు ప్రశ్న అడిగితే అది టాలెంట్ కిందికి వస్తుంది, ఇంక ఏ చట్టమూ అంటదు అంటారు కదా? "వరంగల్ జంపఖానాకు జీఐ గుర్తింపు ఏ సంవత్సరంలో వచ్చింది" అని అడిగితే సరి. 2018 అని చెప్పినవాళ్లలో డ్రా తీయొచ్చు.

---

నర్సంపేట వకీలు | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 2:10

సగం నిజం. లాటరీ చట్టం వరకు నైపుణ్యం, అదృష్టం అనే తేడా పనికొస్తుంది. కానీ మీరు చెప్పినట్టు సరైన జవాబుల్లోంచి చీటీ తీస్తే చివరికి తేల్చింది అదృష్టమే కదా. ఇక నేను చెప్పిన సెక్షన్ 2(47)లోనే ఇంకో మాట ఉంది. సరుకు అమ్మకాన్ని, వ్యాపారాన్ని ప్రోత్సహించడానికి పెట్టే పోటీ, లాటరీ, అదృష్టం ఆట, నైపుణ్యం ఆట, అన్నీ అందులో రాశారు, మినహాయింపు ఇచ్చినవి తప్ప. అంటే ప్రశ్న అడిగినంత మాత్రాన అది తప్పించదు.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 2:25

సార్, అంటే నేను అసలు పెట్టకూడదా? ఊరంతా పెడుతున్నారు కదా.

---

నర్సంపేట వకీలు | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 2:50

ఊరంతా పెడుతున్నారన్నది నిజమే, అక్షరాలా చదివితే ఆ వాక్యం వెడల్పుగా ఉందన్నదీ నిజమే. ఉచితంగా, కొనుగోలుతో సంబంధం లేకుండా, ఫలితం బయటపెట్టి చేసేదాని మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే వినియోగదారుల కమిషన్‌లో ఏమవుతుందో ఇక్కడ కూర్చుని నేను హామీ ఇవ్వలేను. మీ కాగితాలు తీసుకుని ఒకసారి హన్మకొండలో ఎవరైనా వినియోగదారుల కేసులు చూసే లాయర్‌ను కలవండి. నాకు తెలిసిన ఇద్దరు వకీళ్లకు దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి.

---

ఎడిటింగ్ టేబుల్ | సెప్టెంబరు 8, రాత్రి 8:30

అక్క నిన్న ఫోన్ చేసింది, లాయర్‌ను అడిగి వచ్చిందట, చేద్దామనే నిర్ణయించుకున్నారు. ఇద్దరం కూర్చుని రాసింది ఇది. నిదానంగా చదివితే 38 సెకన్లు వచ్చింది.

మొదటి ఐదు సెకన్లు. మగ్గం మీద జంపఖానా, చప్పుడు అలాగే వినపడాలి. మాట: "ఈ మూడు జంపఖానాలు ముగ్గురికి ఉచితం. సెప్టెంబరు 20, శనివారం, రాత్రి 9కి ముగుస్తుంది." తేదీ తెర మీద పెద్ద అక్షరాల్లో.

తర్వాత పన్నెండు సెకన్లు. మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పరిచి చూపించాలి. "నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మా ఇంట్లోనే నేసినవి. మేం ఒక్కోటి 1,400కి అమ్ముతాం. మీరు ఏమీ కొనక్కర్లేదు, పోస్టు ఖర్చు కూడా మాదే."

తర్వాత పది సెకన్లు. అక్క కెమెరా వైపు చూసి: "చేయాల్సింది ఒక్కటే. జంపఖానా మీ ఇంట్లో ఎక్కడ పరుస్తారో ఈ వీడియో కింద కామెంట్ రాయండి. ఒకరికి ఒక్క ఎంట్రీ. పద్దెనిమిదేళ్లు నిండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చిరునామాలకే పంపగలం."

చివరి పదకొండు సెకన్లు. "వచ్చినవాటిలోంచి చీటీ తీసి ముగ్గురి పేర్లు సెప్టెంబరు 22, సోమవారం సాయంత్రం 7కి ఇదే ఛానెల్‌లో చెప్తాం. మేం ఎవరికీ ఫోన్ చేయం, డబ్బు అడగం. మళ్లీ చెప్తున్నా, 20, శనివారం, రాత్రి 9."

తేదీ రెండుసార్లు ఎందుకంటే, షార్ట్‌ను చాలామంది మొదటి నాలుగు సెకన్లకే పైకి తోసేస్తారు. వాళ్లకూ తేదీ తెలియాలి. చివరిదాకా చూసినవాడికి వెంటనే గుర్తుండాలి. తెర మీద ఆ అక్షరాలు కింద పెట్టొద్దు, అక్కడ టైటిల్, ఛానెల్ పేరు వచ్చి కప్పేస్తాయి. కుడి అంచున లైక్ బటన్లుంటాయి. నడుమ కన్నా కాస్త పైన, ఎడమకు జరిపి పెట్టండి. తెర మీద "20 సెప్టెంబరు 2025" అని సంవత్సరం కూడా వేయండి. వచ్చే ఏడు ఎవరికైనా ఈ వీడియో ముందుకొస్తే అది పాతదని తెలుస్తుంది.

పూర్తి రూల్స్ పిన్ కామెంట్లోనే అక్షరాలా రాసేయండి. షార్ట్స్ కింద డిస్క్రిప్షన్‌లోనూ, కామెంట్లలోనూ లింకులు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కితే తెరుచుకోవు. "రూల్స్ లింక్‌లో" అంటే ఎవరూ చదవలేరు. ఈ పోటీకి యూట్యూబ్‌కు సంబంధం లేదని, దీని బాధ్యత మాదేనని ఆ కామెంట్లో ఒక వాక్యం ఉండాలి. యూట్యూబ్ కమ్యూనిటీ నియమాలకు విరుద్ధమైన కామెంట్లను లెక్కలోకి తీసుకోబోమని కూడా రాయండి. ఇవి యూట్యూబ్ అడిగేవే.

---

పాత మాస్టారు | సెప్టెంబరు 8, రాత్రి 9:05

చీటీ ఎవరు తీస్తారు, ఎలా తీస్తారు? అది రాయలేదు. గెలిచినవాడు పలకకపోతే? అదీ రాయలేదు. మీరు "ముగ్గురికి" అన్నారు గనుక ముగ్గురికీ చేరాలి.

---

కాజీపేట కోడ్ | సెప్టెంబరు 8, రాత్రి 10:15

చీటీ పని నాకు వదలండి. యూట్యూబ్ డేటా ఏపీఐలో కామెంట్ అసలు టైమ్ ఉంటుంది, ఆ "3 రోజుల క్రితం" గోల ఉండదు.

```
GET https://www.googleapis.com/youtube/v3/commentThreads?part=snippet&videoId=VIDEO_ID&maxResults=100&key=API_KEY
```

ఒకసారికి వందే ఇస్తుంది, మిగతావి తర్వాతి పేజీల్లో తెచ్చుకోవాలి. `publishedAt` అన్న చోట టైమ్ ఉంటుంది, కానీ అది మన టైమ్ కాదు, ఐదున్నర గంటలు వెనక. మన రాత్రి 9 అంటే అక్కడ `2025-09-20T15:30:00Z`. ఇది మర్చిపోయి 21:00 పెట్టుకుంటే మన తెల్లవారుజాము 2:30 దాకా వచ్చినవన్నీ లోపలికి వచ్చేస్తాయి.

హ్యాండిళ్లను ఒక ఫైల్లో లైనుకొకటి పెట్టాక:

```python
import random
names = sorted(set(open("names.txt", encoding="utf-8").read().split()))
print(len(names), random.sample(names, 6))
```

`set` వల్ల ఒకడు పదిసార్లు రాసినా ఒక్కసారే లెక్క. ఆరు పేర్లు తీస్తున్నాను, మొదటి ముగ్గురు విజేతలు, తర్వాతి ముగ్గురు వెయిటింగ్. దీన్ని నడిపేటప్పుడు స్క్రీన్ రికార్డ్ చేసి, ఒక్కసారే నడపాలి. నచ్చిన పేరు వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడిపితే ఎవరికీ తెలియదు, అదే దీంట్లో ఉన్న మోసం. అందుకే అక్క లైవ్‌లో చేస్తే ఇంకా నయం.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 9, ఉదయం 6:50

లైవ్‌లోనే చేస్తాను. గెలిచినవాళ్లు 25, గురువారం రాత్రి 9 లోగా... మాస్టారు తిడతారు. గురువారం రాత్రి 9కి గడువు ముగుస్తుంది. అప్పటికి ఈమెయిల్ చేయకపోతే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు. ఒక్క అనుమానం. యూట్యూబ్‌లో మనం మెసేజ్ పంపలేం కదా. ఎవరో వచ్చి "ఆ హ్యాండిల్ నాదే" అని ఈమెయిల్ చేస్తే నమ్మేదెలా?

---

ఎడిటింగ్ టేబుల్ | సెప్టెంబరు 9, ఉదయం 7:20

మంచి ప్రశ్న. ఈమెయిల్ రాగానే జవాబులో ఒక మాట పంపండి, ఉదాహరణకు "తంగేడు". ఎంట్రీ కామెంట్‌ను ఎడిట్ చేసి దాని చివర ఆ మాట చేర్చమనండి. కామెంట్లు పాజ్‌లో ఉన్నా చేర్చడానికి వీలవుతుందో లేదో ముందుగా ఇంకో వీడియో మీద పరీక్షించి చూడండి. వీలుకాకపోతే ఫలితాల వీడియో కింద అదే హ్యాండిల్‌తో ఆ మాట రాయమంటే సరిపోతుంది. ఆ అకౌంట్ చేతిలో ఉన్నవాడే రాయగలడు. ముగ్గురికీ మూడు వేరే మాటలు ఇవ్వండి, ఒకళ్లది చూసి ఇంకొకళ్లు కాపీ కొట్టకుండా.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 10, సాయంత్రం 6:30

వేశాను. మొదటి టేక్‌లో "రాత్రి 9" బదులు "రాత్రి 8" అన్నానని అప్‌లోడ్ చేసేముందు మా అత్తగారు పట్టుకున్నారు. తెర మీద 9, నోట్లో 8. మళ్లీ తీశాం.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 20, రాత్రి 9:25

9 అయ్యేసరికి చేతులు వణికాయి గానీ పాజ్ నొక్కేశాను. కాజీపేట తమ్ముడు 214 మంది అని చెప్పాడు. నాకు స్టూడియోలో మాత్రం `Held for review` అని తొమ్మిది కామెంట్లు విడిగా కనపడుతున్నాయి. అవి లెక్కలోకి వచ్చాయా?

---

కాజీపేట కోడ్ | సెప్టెంబరు 20, రాత్రి 9:40

రాలేదు. నేను తెచ్చింది అందరికీ కనపడేవే. యూట్యూబ్ ఫిల్టర్ ఆపినవి నాకు రావు. అందరూ ఒకేలా "హాల్లో పరుస్తాం" అని రాస్తే కొన్నింటిని స్పామ్ అనుకున్నట్టుంది. వాటిని తెరిచి చదవండి, ఏవి ఎంట్రీలో చూడండి.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 20, రాత్రి 10:05

మూడు చెత్త లింకులు. ఆరు అసలైనవి, అందులో ఒకామె "మా అమ్మ పూజ గదిలో" అని నాలుగు వాక్యాలు రాసింది పాపం. ఆరింటినీ ఓకే చేశాను. ఎవరూ రెండుసార్లు రాయలేదు, మొత్తం 220. ఆ సంఖ్య ఇప్పుడే ఛానెల్‌లో పోస్ట్ పెట్టేశాను, డ్రాకు ముందే.

---

రీల్ రాజన్న | సెప్టెంబరు 21, ఉదయం 10:00

అక్కా, మా షాపుకు వచ్చే ఒక పెద్దాయన 9:10కి రాయబోతే కుదరలేదట. నెట్ లేదట పాపం. పది నిమిషాలకు ఏమవుతుంది? కలిపేయరాదూ.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 21, ఉదయం 10:20

కుదరదు అన్నా. నాకూ బాధగానే ఉంది. ఆయనకు కలిపితే 9:15 వాళ్లకు ఏం చెప్పాలి?

---

రీల్ రాజన్న | సెప్టెంబరు 21, ఉదయం 10:31

నేనైతే కలిపేవాణ్ణి. మనిషి ముఖ్యం, గడియారం కాదు.

---

కొత్తవాడ కోడలు | సెప్టెంబరు 26, మధ్యాహ్నం 12:15

మూడూ ఈరోజు స్పీడ్ పోస్టులో వేశాను. 22 నాటి లైవ్‌ను 31 మంది చూశారు, చీటీ పని మొత్తం అందులో ఉంది. మంథని ఆమె, ఖమ్మం అబ్బాయి వెంటనే ఈమెయిల్ చేశారు. మూడో హ్యాండిల్ పేరుతో రెండు ఈమెయిళ్లు వచ్చాయి! "తంగేడు" ఒకరికి, "గునుగు" ఇంకొకరికి పంపాను. ఫలితాల వీడియో కింద ఆ హ్యాండిల్‌తో "గునుగు" వచ్చింది, తంగేడు మనిషి మళ్లీ పలకలేదు. టైటిల్ ముందు "ముగిసింది" అని చేర్చాను, పిన్ కామెంట్లో పేర్లు పెట్టాను.

ఒక్క చిక్కు మిగిలింది. షార్ట్ ఇప్పటికీ కొత్తవాళ్లకు వెళ్తూనే ఉంది. దీని కింద రాయడానికి లేదు కాబట్టి నా పాత వీడియోల కింద వచ్చి "హాల్లో పరుస్తాం" అని రాస్తున్నారు. ప్రైవేట్ చేసేయనా?

---

ఎడిటింగ్ టేబుల్ | సెప్టెంబరు 26, మధ్యాహ్నం 12:40

చేయొద్దు. 220 మంది కామెంట్లు దాంట్లోనే ఉన్నాయి, ఎవరైనా అడిగితే చూపించాల్సింది అదే. పాత వీడియోల కింద వచ్చినవాళ్లకు 20నే ముగిసిందని జవాబివ్వండి.

---

నర్సంపేట వకీలు | సెప్టెంబరు 26, సాయంత్రం 5:05

కనీసం ఏడాది ఉంచండి. పోస్టు రసీదులు కూడా.

---

జనగామ పోరడు | సెప్టెంబరు 26, సాయంత్రం 6:18

అక్కా ముగిసిందా? నేను 6వ తారీఖే ఇక్కడ ఎంట్రీ ఇచ్చాను కదా, ఎరుపు నలుపు అని. నా పేరు డ్రాలో వేశారా లేదా?